కూడి ఆరుతో భాగిస్తే 75, మెమోలో 67.4: తేడా ఎక్కడుంది?

ప్రశ్న: మేడమ్, మొదటి సెమిస్టర్‌లో ఆరు సబ్జెక్టుల మార్కులు కూడి ఆరుతో భాగిస్తే నాకు 75 వచ్చింది. మెమోలో మాత్రం 67.4 అని ఉంది. నేను అప్లై చేద్దామనుకుంటున్న ఇంటర్న్‌షిప్‌కు 70 ఉండాలట. ఫారంలో ఏది రాయాలి? రెండో సెమిస్టర్‌తో 70 దాటగలనా? నా మార్కులు, బ్రాకెట్లో క్రెడిట్లు ఇవి: గణితం 56 (4), డేటా స్ట్రక్చర్స్ 61 (4), ఎలక్ట్రానిక్స్ 66 (3), ఇంగ్లిష్ 78 (2), ప్రోగ్రామింగ్ ల్యాబ్ 94 (1), వర్క్‌షాప్ 95 (1). రెండో సెమిస్టర్‌లో 21 క్రెడిట్లు ఉన్నాయి.

జవాబు: మెమోలో తప్పేమీ లేదు. మీ కూడిక కూడా సరైనదే, మొత్తం 450 మార్కులే. చిక్కంతా ఆరుతో భాగించడంలో ఉంది. అలా భాగిస్తే ఆరు సబ్జెక్టులకూ సమాన వాటా ఇచ్చినట్టు. కోర్సు మాత్రం సమాన వాటా ఇవ్వలేదు: గణితానికి నాలుగు క్రెడిట్లు, వర్క్‌షాప్‌కు ఒకటే.

ఒకసారి కాగితం మీద ఇలా రాసి చూడండి. ఒక్కో క్రెడిట్‌కు ఒక్కో వరుస. గణితం 56ను నాలుగుసార్లు, డేటా స్ట్రక్చర్స్ 61ను నాలుగుసార్లు, 66ను మూడుసార్లు, 78ని రెండుసార్లు, 94నూ 95నూ ఒక్కోసారి రాయాలి. మొత్తం 15 వరుసలు వస్తాయి. వాటన్నిటినీ కూడి 15తో భాగిస్తే వచ్చేదే మీ అసలు సగటు. ఒకే అంకెను మళ్లీ మళ్లీ రాసే బదులు గుణిస్తే సరిపోతుంది:

```
4×56 + 4×61 + 3×66 + 2×78 + 1×94 + 1×95 = 1011
1011 ÷ 15 = 67.4
```

ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు ఒకటుంది. క్రెడిట్లతో గుణించేదాకా బాగానే చేసి, చివర అలవాటుకొద్దీ సబ్జెక్టుల సంఖ్యతో భాగిస్తారు. 1011ని ఆరుతో భాగిస్తే 168.5 వస్తుంది. వందకు వేసిన మార్కుల సగటు వంద దాటిందంటే ఆ పొరపాటు జరిగిందన్నమాట. సగటు ఎప్పుడూ మీ అతి తక్కువ మార్కుకూ అతి ఎక్కువ మార్కుకూ మధ్యే ఉండాలి. అలాగే ఏదైనా ల్యాబ్‌కు మార్కులు 50కి వేస్తే ముందు వందకు మార్చుకోండి. 50కి 47 వచ్చిన ల్యాబ్‌ను 47గానే లెక్కలో వేస్తే బాగా చేసిన సబ్జెక్టే మీ సగటును కిందికి లాగుతుంది. స్ప్రెడ్‌షీట్‌లో B నిలువు వరుసలో క్రెడిట్లు, C నిలువు వరుసలో మార్కులు పెట్టుకుంటే ఈ ఒక్క ఫార్ములా చాలు:

```
=SUMPRODUCT(B2:B7,C2:C7)/SUM(B2:B7)
```

మరి మీ విషయంలో తేడా ఏకంగా 7.6 ఎందుకైంది? మీకు 90 దాటిన మార్కులు వచ్చిన రెండు సబ్జెక్టులూ ఒక్క క్రెడిట్‌వే. సాదా సగటులో ఆ రెంటికీ కలిపి ఆరింట రెండు, అంటే మూడో వంతు వాటా దక్కింది. నిజానికి వాటి వాటా 15లో 2 మాత్రమే, సుమారు 13 శాతం. గణితం, డేటా స్ట్రక్చర్స్ కలిపి 15లో 8 క్రెడిట్లు, సగం కన్నా ఎక్కువ. మీకు తక్కువ మార్కులు వచ్చింది సరిగ్గా అక్కడే. ఇది మీ ఒక్కరికే ఎదురయ్యేది కాదు. చాలా యూనివర్సిటీల్లో వారానికి ఒక గంట పాఠానికి ఒక క్రెడిట్ ఇస్తే, అదే ఒక క్రెడిట్‌కు ల్యాబ్‌లో రెండు గంటలు పనిచేయాలి. అందుకే ల్యాబ్‌ల క్రెడిట్లు తక్కువ. రికార్డు, వైవా, రోజువారీ పని అన్నీ కలిసే చోట మార్కులు సాధారణంగా పైనే ఉంటాయి. కాబట్టి సాదా సగటు విద్యార్థిని ఉన్నదానికన్నా మెరుగ్గా చూపించడమే ఎక్కువ. ఎప్పుడూ అలాగే ఉంటుందని మాత్రం కాదు. పెద్ద సబ్జెక్టుల్లో బాగా చేసి చిన్నవాటిలో వెనకబడ్డవాళ్లకు సాదా సగటు అన్యాయం చేస్తుంది. అన్ని సబ్జెక్టుల్లోనూ దాదాపు ఒకేలా మార్కులు వస్తే రెండు లెక్కలూ దగ్గర దగ్గరగానే ఉంటాయి.

ఫారంలో 67.4 రాయండి. సర్టిఫికెట్ల పరిశీలనలో మెమోతోనే పోల్చి చూస్తారు. 75 రాసి ఉంటే అది పొరపాటని మీరు చెప్పినా వినేవాళ్లు ఉండకపోవచ్చు. ఒక్క సందర్భం వేరు: కొన్ని ఫారాలు క్రెడిట్ల ఊసెత్తకుండా "వచ్చిన మొత్తం మార్కులు, గరిష్ఠ మార్కులు" అని విడివిడిగా అడుగుతాయి. అప్పుడు 450, 600 అని రాయడమే సరైన జవాబు, శాతం 75 అవుతుంది. అంటే 75 అబద్ధపు అంకె కాదు, అది వేరే ప్రశ్నకు జవాబు. అందుకే ఫారంలో శాతాన్ని ఎలా లెక్కించమన్నారో ఆ వాక్యం చదివాకే గడి నింపండి. గ్రేడ్ పాయింట్లు అడిగితే అది మరో లెక్క. 61, 69 ఒకే గ్రేడ్ కిందికి వచ్చే చోట రెంటికీ ఒకే పాయింటు పడుతుంది కాబట్టి, మార్కుల సగటును పదితో భాగించి గ్రేడ్ సగటుగా రాయకండి.

ఇక 70 సంగతి. రెండు సెమిస్టర్ల సగటులను కూడి రెండుతో భాగించడం కూడా సాదా సగటే, అందులోనూ అదే లోపం ఉంది. మొదటిది 15 క్రెడిట్లు, రెండోది 21. మొత్తం 36 క్రెడిట్ల మీద 70 రావాలంటే 36×70, అంటే 2520 కావాలి. మీ దగ్గర ఇప్పటికే 1011 ఉంది. మిగిలిన 1509ని 21తో భాగిస్తే 71.86. రెండో సెమిస్టర్‌లో 72 సగటు తెచ్చుకుంటే 70 దాటుతారు. మొదటిదానికన్నా నాలుగున్నర మార్కులు ఎక్కువ, అందని లక్ష్యమేమీ కాదు. అదే మీ చేతిలో 75 ఉందనుకుని రెండో సెమిస్టర్‌లో 65 వస్తే చాలని ప్లాన్ వేసుకుంటే ఏమవుతుందో చూడండి: 21×65, అంటే 1365. దానికి 1011 కలిపితే 2376. 36తో భాగిస్తే సరిగ్గా 66.

ఆ 72 కోసం ఏ సబ్జెక్టు మీద ఎక్కువ కూర్చోవాలో కూడా ఇదే లెక్క చెబుతుంది. 21 క్రెడిట్ల సెమిస్టర్‌లో నాలుగు క్రెడిట్ల సబ్జెక్టులో పది మార్కులు పెరిగితే సగటు 40/21, దాదాపు 1.9 పెరుగుతుంది. ఒక క్రెడిట్ ల్యాబ్‌లో అదే పది మార్కులకు పెరిగేది 0.5కు కాస్త తక్కువ. మొదటి సెమిస్టర్‌లో రెండు ల్యాబ్‌ల్లోనూ వందకు వంద తెచ్చుకున్నా మీ సగటు 68.1 దగ్గరే ఆగిపోయేది. గణితంలో 56 బదులు 66 వచ్చి ఉంటే అదొక్కటే మిమ్మల్ని 70 దాటించేది. రెండో సెమిస్టర్ సిలబస్ చేతికి రాగానే సబ్జెక్టుల పేర్ల పక్కన క్రెడిట్లు రాసుకోండి. నాలుగు క్రెడిట్లవాటిలో మీరు ఎక్కువగా తడబడే సబ్జెక్టు ఏదో గుర్తించి, మొదటి ఇంటర్నల్ పరీక్షలోపే దానికి అదనపు గంటలు కేటాయించండి.