టెక్ సందేహాలు: ముందున్న సున్నాలు కోసేస్తే ఎక్సార్ తప్పుతుంది

ప్రశ్న: అరేలో ఏ రెండు సంఖ్యల ఎక్సార్ అన్నిటికన్నా పెద్దదో బైనరీ ట్రైతో రాశాను. కొన్ని టెస్టులు పాస్ అవుతున్నాయి, మిగతావి రాంగ్ ఆన్సర్. ఒక్కోసారి క్రాష్ కూడా. వచ్చే వారం క్యాంపస్ టెస్టు సార్, చాలా టెన్షన్‌గా ఉంది. కోడ్ పంపుతున్నాను. – ఇంజినీరింగ్ విద్యార్థి, గాజువాక

జవాబు: ప్లేస్‌మెంట్ల కాలం మొదలైతే చాలు, ద్వారకానగర్ నుంచి మధురవాడ దాకా ఇదే ఫిర్యాదు. కోడ్‌లో తప్పు కూడా దాదాపు అదే. ప్రతి సంఖ్యనూ బైనరీలోకి మార్చి, ముందున్న సున్నాలు లేకుండా ట్రైలో, అంటే బిట్టు 0 అయితే ఎడమకు, 1 అయితే కుడికి దిగే చెట్టులో, పెట్టేస్తున్నారు.

20, 9, 14, 3, 6 తీసుకుందాం. సున్నాలు వదిలేస్తే 20 అంటే 10100, 14 అంటే 1110. రెండిటినీ వేరు నుంచి దింపితే, 20లో 8 స్థానంలో ఉన్న బిట్టు 14లో 4 స్థానంలో ఉన్న బిట్టు ఎదుట నిలబడుతుంది. వాటిని పోల్చి లాభమేముంది? పైగా సున్నా తప్ప ప్రతి సంఖ్యా 1తోనే మొదలవుతుంది కాబట్టి వేరుకు 0 వైపు కొమ్మే పుట్టదు. మీ ట్రై వేరు దగ్గర ఎడమ పక్క ఎప్పుడూ ఖాళీగా ఉందంటే జబ్బు ఇదే. అన్ని సంఖ్యలూ ఒకే పొడవున్న టెస్టుల్లో ఈ తప్పు బయటపడదు, అందుకే మీకు కొన్ని పాస్ అయ్యాయి.

అన్నిటినీ 5 బిట్లకు సమం చేయండి: 10100, 01001, 01110, 00011, 00110. ఇప్పుడు 20 పట్టుకుని దిగుదాం. రెండు బిట్లు వేరైతేనే ఎక్సార్‌లో 1 వస్తుంది. మొదటి బిట్టు 1, కాబట్టి మనకు 0 కావాలి. ఉంది, 16 వచ్చింది. తర్వాత 0కి ఎదురు 1 కావాలి. 9, 14 అటే ఉన్నాయి, 8 కలిసింది. మూడో బిట్టు 1కి ఎదురు 0 దగ్గర 9 ఒక్కటే మిగిలింది, 4 కలిసింది. నాలుగో బిట్టులో మనం కోరిన 1 లేదు. ఉన్న 0 వైపే వెళ్లాలి, ఏమీ కలవదు. చివర 1 దొరికింది. మొత్తం 29. పెద్దదాన్ని, చిన్నదాన్ని పట్టుకుంటే సరిపోదా అని అడిగేవాళ్లుంటారు. 20కి 3తో వచ్చేది 23 మాత్రమే.

పైనుంచి ఇలా ఆశగా దిగడం ఎందుకు చెల్లుతుందంటే, కింది బిట్లన్నీ కలిసినా 8+4+2+1, అంటే 15. పైనున్న ఒక్క 16ను అవి దాటలేవు.

నన్ను నిజంగా భయపెట్టింది మీ కోడ్‌లో ఇంకో లైను: `(x >> b) % 2`. x నెగటివ్ అయితే సీ ప్లస్ ప్లస్‌లో దీని విలువ -1 రావచ్చు. అప్పుడు కొమ్మలు దాచే అరేలో `ch[u][-1]` అనే చోట రాస్తున్నారు. మామూలుగా మెమరీలో అది పక్క నోడ్ కుడి కొమ్మ. ప్రోగ్రామ్ ఆగదు, ట్రై మాత్రం చెడిపోతుంది. వేరు దగ్గరే ఇలా జరిగితే అరే బయటున్న ఇంకో వేరియబుల్ మీద పడుతుంది. జావా అయితే ఎక్సెప్షన్ ఇచ్చి ఆపేది.

నెగటివ్‌లు ఎక్కడివి అనకండి. 192.168.0.1 లాంటి ఐపీ అడ్రసును 32 బిట్ల `int`లో పెడితే అది నెగటివే. నెట్‌వర్క్ పనుల్లో ట్రైలు రోజూ వాడతారు. బయటినుంచి వచ్చిన సంఖ్య మన మెమరీలో ఎక్కడ రాయాలో నిర్ణయించేలా వదిలేయడం హ్యాకర్‌కు తలుపు తీయడమే. 0 నుంచి 2^31-1 వరకైతే ఇది చాలు:

```cpp
for (int b = 30; b >= 0; b--) {
    int d = (x >> b) & 1;
    if (!ch[u][d]) ch[u][d] = ++cnt;
    u = ch[u][d];
}
```

ఐపీ అడ్రసులకైతే `unsigned` తీసుకుని `b`ని 31 నుంచి మొదలుపెట్టండి.

మీ క్రాష్‌కు ఇంకో కారణం కూడా ఉంది. 2 లక్షల సంఖ్యలకు 31 బిట్లంటే లెక్క ప్రకారం 62 లక్షల నోడ్లు. పై మట్టాలు ఉమ్మడి కాబట్టి నిజంగా అందులో సగమే చాలు, కానీ మీరు కేటాయించింది 2 లక్షలే.

ఇక ఈ ఆన్‌లైన్ టెస్టుల ఎడిటర్ల సంగతి. హిడెన్ టెస్ట్ కేసు అని దాచేసి, మెమరీ దాటి రాసిన కోడ్‌కు కూడా ‘రాంగ్ ఆన్సర్’ అని రెండు ముక్కలు పడేస్తాయి. జవాబు అదృష్టవశాత్తూ సరిపోతే పచ్చ టిక్కు కూడా పెడతాయి! పిల్లలకు ఇవి నేర్పుతున్నది ఇన్‌పుట్‌తో జూదమాడటం. ల్యాప్‌టాప్‌లో `-fsanitize=address,undefined` పెట్టి కంపైల్ చేసుకోండి. తప్పు జరిగిన లైను దగ్గరే `index -1 out of bounds for type 'int [2]'` అని చూపిస్తుంది.

అరేలో ఉన్న సంఖ్యల లెక్క 1000 లోపే అయితే అసలు ట్రై ఎందుకు? ఉన్న జతలు 5 లక్షల లోపే, రెండు లూపులు క్షణంలో తేల్చేస్తాయి. ఆ రెండు లూపుల కోడ్‌ను పారేయకండి. పొడవులు కలగలిసిన ర్యాండమ్ సంఖ్యలను దానికీ ట్రైకీ ఇచ్చి, జవాబులు ఎక్కడ విడిపోయాయో చూడండి. చిన్న అరేలతో మొదలుపెడితే ఆ తప్పును కాగితం మీద వేసుకుని చూడొచ్చు.