కంపెనీ అప్పుకు మా ఇల్లు పోతుందా?

ప్రశ్న: సార్, నేను, నా భార్య డైరెక్టర్లుగా 2019లో గుంటూరులో అల్యూమినియం కిటికీలు, తలుపులు చేసే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టాం. మూలధనం 5 లక్షలు. ఇప్పుడు బ్యాంకుకు 32 లక్షలు, అద్దాలు సప్లై చేసే వ్యాపారికి 18 లక్షలు బాకీ ఉన్నాం. ఆయన మా ఇంటి మీదికి వస్తానంటున్నాడు. ఇల్లు నా భార్య పేరున ఉంది. లిమిటెడ్ కంపెనీ కాబట్టి డైరెక్టర్లకు ఏమీ కాదు, దీన్ని వదిలేసి అదే షెడ్డులో వేరే పేరుతో కొత్త కంపెనీ పెట్టుకో అని ఒక స్నేహితుడు చెబుతున్నాడు. అలా చేయవచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అద్దాల వ్యాపారి కేవలం బిల్లు బాకీ చూపించి మీ ఇంటి మీదికి రాలేడు. బ్యాంకు రాగలదో లేదో మీరిద్దరూ లోన్ కాగితాల్లో ఎక్కడెక్కడ సంతకాలు పెట్టారన్న దాన్నిబట్టి ఉంటుంది. మీ స్నేహితుడి సలహా మాత్రం వినకండి. ఇప్పుడు మీకున్న రక్షణ పోయే దారి అదే.

ముందు అద్దాల బాకీ చూద్దాం. బిల్లులు కంపెనీ పేరు మీద, కంపెనీ జీఎస్టీ నంబరు మీద ఉన్నాయి కదా. చట్టం దృష్టిలో అద్దాలు కొన్నది మీరు కాదు, కంపెనీ. ఆయన సివిల్ కోర్టులో దావా వేసి గెలిస్తే డిక్రీ కంపెనీ మీద వస్తుంది. మెషిన్లు, స్టాకు, బిల్డర్ల దగ్గర నుంచి రావాల్సిన బాకీలు, కరెంటు అకౌంటులోని డబ్బు, ఇలా కంపెనీకి ఉన్నవాటిలోంచి వసూలు చేసుకోవాలి. వాటాల కోసం పెట్టాల్సిన 5 లక్షలూ మీరు నిజంగా కంపెనీ అకౌంటులో వేసి ఉంటే, వాటాదారులుగా మీరు పోగొట్టుకునేది ఆ 5 లక్షలే.

ఈ సూత్రం 1897లో లండన్‌లో గట్టిపడింది. సాలమన్ అనే బూట్ల వ్యాపారి తన వ్యాపారాన్ని తానే పెట్టిన కంపెనీకి అమ్మాడు. వాటాలు దాదాపు అన్నీ ఆయనవే, భార్యకూ అయిదుగురు పిల్లలకూ తలా ఒక్కటి. కంపెనీ మునిగిపోయాక, కంపెనీ అన్నా సాలమన్ అన్నా ఒకటే కాబట్టి ఆయనే అప్పులు కట్టాలని వాదించారు. అప్పట్లో అక్కడి అత్యున్నత కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ ఒప్పుకోలేదు. ఒక్క మనిషి చేతిలో ఉన్నంత మాత్రాన కంపెనీ, ఆ మనిషి ఒకటైపోరని తేల్చింది. మన కోర్టులూ ఇదే సూత్రం మీద నడుస్తాయి. భార్యాభర్తల కంపెనీ అన్న ఒక్క కారణంతో మీ ఇంటిని ఎవరూ ముట్టుకోలేరు.

అయితే ఒక్క సంగతి గుర్తు చేసుకోండి. సెక్యూరిటీ కింద సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఆ వ్యాపారికి ఏమైనా ఇచ్చారా? మన దగ్గర సప్లయర్లు చాలామంది సరుకు ఇచ్చేముందు అడుగుతారు, మనమూ ఆలోచించకుండా ఇచ్చేస్తాం. అది కంపెనీ చెక్కే అయినా, బౌన్స్ అయ్యాక ఆయన 30 రోజుల్లోపు నోటీసు ఇచ్చి, అది మీకు అందిన 15 రోజుల్లో మీరు కట్టకపోతే, సంతకం పెట్టిన మీ మీద వ్యక్తిగతంగా క్రిమినల్ కేసు వేయవచ్చు. రెండేళ్ల వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెండింతల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. మీ భార్య సంగతి వేరు. హైదరాబాద్‌కు చెందిన ఎస్‌ఎంఎస్ ఫార్మా కేసులో 2005లో సుప్రీంకోర్టు, డైరెక్టరుగా పేరు ఉంటే చాలదు, వ్యాపారం నడిపే బాధ్యత ఆ మనిషిదేనని ఫిర్యాదులో స్పష్టంగా చెప్పాలని అంది. ఆమె చెక్కుల మీద సంతకం పెట్టకుండా, రోజువారీ వ్యవహారాల్లో లేకుండా ఉంటే ఈ తీర్పు ఆమెకు అండ.

ఇక బ్యాంకు. నన్ను నిజంగా కంగారు పెట్టేది ఇదే. కిందటేడు ఒక దంపతులు లోన్ ఫైలు పట్టుకుని నా దగ్గరకు వచ్చారు. మాది కొలేటరల్ లేని లోను, ఆస్తి ఏమీ పెట్టలేదని భర్త గట్టిగా చెప్పాడు. ఫైలులో స్టాంపు పేపరు మీద ‘గ్యారంటీ ఒప్పందం’ అని ఉంది, పేజీ పేజీకీ కింద ఎడమ మూల ఆవిడ సంతకం. ఆవిడ వేలితో ఆ సంతకాన్ని తడిమి, ఇది డైరెక్టరుగా పెట్టానండీ అంది. కాదు, హామీదారుగా పెట్టింది. బ్యాంకులో పావుగంటలో నలభై సంతకాలు పెట్టించుకుంటే ఎవరికి తేడా తెలుస్తుంది?

గ్యారంటీ ఇచ్చాక లిమిటెడ్ అన్న మాట బ్యాంకు దగ్గర పనిచేయదు. హామీదారు బాధ్యత అసలు అప్పుదారుతో సమానం. ముందు కంపెనీ దగ్గర వసూలు చేసుకుని రండి అని మీరు అనలేరు, బ్యాంకు నేరుగా మీ దగ్గరకే రావచ్చు. ప్రభుత్వ క్రెడిట్ గ్యారంటీ పథకం కింద తాకట్టు లేకుండా ఇచ్చిన లోన్లలో కూడా డైరెక్టర్ల సొంత గ్యారంటీ తీసుకోవడం మామూలే. ఆ పథకం డబ్బు ఇచ్చేది బ్యాంకు నష్టానికి, మీ అప్పు దానితో మాఫీ కాదు.

ఇప్పుడు మీ ఇంటికి వద్దాం. ఇంటి డాక్యుమెంట్లు బ్యాంకులో పెట్టి తనఖా రాసి ఉంటే, సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి, దావా వేయకుండానే బ్యాంకు ఇంటిని స్వాధీనం చేసుకోవచ్చు. తనఖా లేకుండా మీ భార్య గ్యారంటీ మాత్రమే ఉంటే అంత తొందరగా కాదు. మీ బాకీ 20 లక్షలు దాటింది కాబట్టి బ్యాంకు డెట్ రికవరీ ట్రిబ్యునల్‌కు వెళ్లి, ఉత్తర్వు తెచ్చుకుని, ఆ తర్వాతే ఇంటిని జప్తు చేయించాలి. గ్యారంటీ మీరొక్కరే ఇచ్చి, ఇల్లు ఆమె సొంత డబ్బుతోనో పుట్టింటి వారు ఇచ్చినదాంతోనో కొన్నదైతే, బ్యాంకుకు ఆ ఇంటితో సంబంధం లేదు. ఇవి మూడూ మూడు వేరు వేరు పరిస్థితులు. మీది ఏదో ఆ ఫైలు చూస్తేనే తెలుస్తుంది.

జీఎస్టీ, పీఎఫ్ బాకీలు ఉన్నాయో లేదో మీరు రాయలేదు. ఉంటే వాటిని ముందు కట్టండి. ప్రైవేట్ కంపెనీ నుంచి జీఎస్టీ వసూలు కాకపోతే, తమ నిర్లక్ష్యం వల్ల అలా జరగలేదని డైరెక్టర్లే రుజువు చేసుకోవాలి, లేకపోతే వాళ్లే కట్టాలి. పనివాళ్ల జీతంలో కోసిన పీఎఫ్ కట్టకపోతే నమ్మకద్రోహం కింద కేసు అవుతుంది.

ఇప్పటిదాకా చెప్పినవి మీ సంతకం వల్లో, చట్టం నేరుగా పెట్టడం వల్లో వచ్చే బాధ్యతలు. వీటిలో ఎక్కడా కోర్టు కంపెనీని పక్కకు నెట్టి వెనకున్న మనుషుల్ని చూడలేదు. అలా చూడడాన్నే కంపెనీ ముసుగు తొలగించడం అంటారు. అది అరుదు. ఎంత అరుదో, ఎప్పుడు జరుగుతుందో స్కిప్పర్ కన్‌స్ట్రక్షన్ కేసు చూస్తే అర్థమవుతుంది.

1980లో ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ వేలం వేసిన ఒక స్థలాన్ని స్కిప్పర్ కంపెనీ 9.82 కోట్లకు పాడుకుంది. నాలుగో వంతు కట్టి, మిగతాది కట్టకుండా కోర్టుల చుట్టూ తిరుగుతూ ఏళ్లు గడిపింది. ఈలోపు అక్కడ కట్టబోయే బిల్డింగులో జాగాలు అమ్మి జనం దగ్గర డబ్బు వసూలు చేసింది. ఒకే జాగాను ఒకరికంటే ఎక్కువమందికి అమ్మింది. కోర్టు వద్దన్నాక కూడా ఆపలేదు. చివరికి ఆ డబ్బు ఏదని అడిగితే కంపెనీ వేరు, మేము వేరు, కుటుంబ సభ్యుల ఆస్తులు వాళ్ల సొంతం అన్నారు. 1996లో సుప్రీంకోర్టు ఆ వాదన తోసేసింది. మోసం చేసి సంపాదించింది దాచుకోవడానికి కంపెనీని అడ్డం పెట్టుకున్నప్పుడు ముసుగు తీసి చూస్తామని, కంపెనీని నడిపినాయనతో పాటు భార్యాపిల్లల పేర్ల మీద ఉన్న ఆస్తులను కూడా జప్తులోకి తెచ్చింది.

ఆ కంపెనీకి నష్టం వచ్చిందనో, బాకీలు తీర్చలేదనో కోర్టు అలా చేయలేదు. 2014లో ఎయిర్ ఇండియా క్యాంటీన్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది. ఒక బాధ్యత నుంచి తప్పించుకోవడానికే కావాలని కంపెనీని బూటకంగా నిలబెట్టారని తేలితేనే ముసుగు తీయాలి అంది. ఆ కేసులో తీయలేదు కూడా. కార్మికులు ఓడిపోయారు.

ఇప్పుడు మీ స్నేహితుడి సలహాను ఈ తూకంలో వేసి చూడండి. అదే షెడ్డు, అవే మెషిన్లు, అదే పనివాళ్లు, అదే బిల్డర్లు, బోర్డు మీద పేరు ఒక్కటే కొత్తది. 18 లక్షల బాకీ పాత పేరుతో ఉండిపోతుంది, రేపు రావాల్సిన బిల్లులు కొత్త అకౌంటులో పడతాయి. ఇవాళ మీరు నష్టపోయిన వ్యాపారి. అది చేసిన మర్నాడు, అప్పులవాళ్లను ఎగ్గొట్టడానికి కంపెనీని వాడుకున్న మనిషి అవుతారు. అద్దాల వ్యాపారి లాయరుకు ఇంతకంటే మంచి కేసు దొరకదు. కంపెనీ మూసివేత నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్ దాకా వెళ్తే, అప్పులవాళ్లను మోసం చేసే ఉద్దేశంతో వ్యాపారం నడిపినవాళ్లు ఆ అప్పులు సొంతంగా కట్టాలని ఆదేశించే అధికారం దానికి ఉంది.

కొత్త కంపెనీ పెట్టడమే తప్పు అనడం లేదు. మెషిన్ల విలువ వాల్యూయర్ 11 లక్షలు కట్టాడనుకోండి. అవి బ్యాంకు లోనుకు హామీగా ఉంటే బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, కొత్త కంపెనీ ఆ 11 లక్షలూ చెక్కు ద్వారా పాత కంపెనీకి కట్టాలి, ఆ డబ్బు పాత అప్పులకు వెళ్లాలి. అప్పుడు దాన్ని ఎవరూ మోసం అనలేరు. ఇల్లు ఈ సమయంలో అమ్మాయి పేరునో బావమరిది పేరునో గిఫ్టు రాయడం కూడా చేయకండి. బాకీదారులకు అందకుండా చేసిన బదిలీని కోర్టు రద్దు చేయగలదు.

కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర కంపెనీ పేరు కొట్టేయించుకుంటే సరిపోతుందని కూడా కొందరు చెబుతారు. దానికి STK-2 ఫారం ఉంది, కానీ అప్పులు తీరిన కంపెనీకే అది. ఫారంతో పాటు డైరెక్టర్లు ఇండెమ్నిటీ బాండు ఇవ్వాలి, అంటే తర్వాత ఏదైనా బాకీ బయటపడితే మేం కడతాం అని సంతకం. పేరు కొట్టేశాక కూడా డైరెక్టర్ల బాధ్యత అలాగే ఉంటుందని చట్టంలోనే రాసి ఉంది. బాకీలు దాచి ఆ బాండు మీద సంతకం పెడితే, ఇప్పుడు మీది కాని 18 లక్షలు మీ నెత్తిన పడతాయి.

ఈ వారం రెండు పనులు చేయండి. బ్యాంకుకు వెళ్లి సాంక్షన్ లెటరు, గ్యారంటీ ఒప్పందం, తనఖా కాగితాల నకళ్లు అడిగి తీసుకోండి, ఇంటికి తెచ్చి మీ భార్యతో కలిసి కూర్చుని చదవండి. ఆమె సంతకం ఏ పేజీలో, ఏ హోదాలో ఉందో ఆమెకు తెలియాలి. రెండోది, అద్దాల వ్యాపారికి కంపెనీ లెటర్‌హెడ్ మీద, కంపెనీ స్టాంపు వేసి, నెలకు ఇంత అని కంపెనీ కట్టే వాయిదాలు రాసి ఇవ్వండి. ‘నేను కడతాను’ అని మాత్రం రాయకండి. ఆయన మీ సొంత అకౌంటు చెక్కు అడిగితే ఇవ్వవద్దు.