ఆ మాట ఆమెతో అనకూడదు

“నా కథలో బట్టల షాపు ఓనరుకి, కస్టమర్ అన్న ఒక్క మాటతో తన బ్రాండ్ అంటే ఏంటో తెలియాలి. ఎలా రాసినా ఉపన్యాసంలా వస్తోంది.”

కథ అర్థాన్ని కస్టమరే చెప్పేస్తోంది, అందుకే.

1. ఆ మాట వేరే సందర్భంలో రావాలి. కస్టమర్ ఫోన్‌లో చెల్లెలితో: “రంగు పోయేదైతే ఆవిడే చెప్పేస్తుంది, కొనేసెయ్.” అది ఓనరు చెవిన పడితే చాలు.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఓనరులోని ఆ నిజాయితీ ముందే కనిపించాలి. రెండో పేరాలోనే ఆమె “ఇది ఒక్క ఉతుకుకే వెలుస్తుందండీ” అని ఒక బేరం పోగొట్టుకోవాలి. పైగా తనకు వ్యాపారం చేతకాదని తిట్టుకోవాలి. ఇది లేకపోతే ఫోన్ మాట గాల్లోంచి ఊడిపడినట్టుంటుంది.

3. చివర్లో ఆమె ఆలోచనలు రాయొద్దు. “సరికొత్త డిజైన్లు” అని రాయాల్సిన బోర్డు పని ఆపమని పెయింటర్‌కి చెబుతుంది. అక్కడే ఆపేయండి.