ధర 10 శాతం తగ్గిస్తే ఎన్ని ఎక్కువ అమ్మాలి?

ప్రశ్న: నాది చిన్న తయారీ యూనిట్. ఫిక్స్‌డ్, వేరియబుల్ ఖర్చులు రాసుకున్నాను. ధర 10 శాతం తగ్గిస్తే అమ్మకాలు పెరుగుతాయంటున్నారు. బ్రేక్ ఈవెన్ చూసి ఎలా నిర్ణయించాలి?

తగ్గించకండి. ఈ లెక్క వేసేదాకా అయినా ఆగండి.

మేం అట్టపెట్టెలు చేస్తాం. అప్పట్లో పెట్టె 50కి అమ్మేవాళ్లం. అట్ట, జిగురు, ఇంకు, పీస్ లెక్కన కూలీ, రవాణా అన్నీ కలిపి పెట్టెకి 30 అయ్యేది. మిగిలిన 20 లాభం కాదు. అద్దె, నెల జీతాలు, మెషీన్ అప్పు మీద వడ్డీ ముందు అందులోంచే పోవాలి. అవి నెలకి 60,000. అంటే 3,000 పెట్టెలు అమ్మితే ఖర్చులు తీరేవి, అదే మా బ్రేక్ ఈవెన్. ఆపైన అమ్మిన ప్రతి పెట్టెకీ 20 మాకు మిగిలేది. నెలకి 4,000 పోయేవి కాబట్టి లాభం 20,000.

మా పార్ట్‌నర్ 45కి ఇద్దామని పట్టుబట్టాడు. "తగ్గించేది పది శాతమే కదా, పది శాతం ఎక్కువ అమ్మితే సరిపోతుంది" అంటాడు. కానీ ఆ 5 పోయేది మాకు మిగిలే 20లోంచి. అంటే పావు వంతు. ఒక్కో పెట్టెకి 15 మిగిలితే బ్రేక్ ఈవెన్ 4,000 దగ్గరికి వెళ్తుంది. అప్పుడు అమ్ముతున్నదంతా ఖర్చులకే సరి. పాత లాభం రావాలంటే 5,334 పెట్టెలు అమ్మాలి. మా మెషీన్ నెలకి 5,000 మించి చేయలేదు. రెండో షిఫ్ట్ పెడితే సూపర్‌వైజర్ జీతం తోడై ఆ 60,000 కూడా పెరుగుతుంది. దాంతో ధర అలాగే ఉంచాం.

తమాషా ఏంటంటే, అదే ఏడాది ఒక ఆర్డర్‌కి 38కే ఇచ్చాం. మా మార్కెట్‌తో సంబంధం లేని కొనుగోలుదారు, ఒక్కసారికి 1,000 పెట్టెలు అడిగారు. అకౌంటెంట్ ఒప్పుకోలేదు. "పెట్టె ఖర్చే 45, 7 నష్టం" అన్నారు. ఈ అకౌంటెంట్లతో నాకు ఎప్పుడూ ఇదే గొడవ. ఆ 45లో 15 అద్దె, జీతాల వాటా, అది కూడా 4,000తో భాగిస్తే వచ్చింది. ఆర్డర్ వదిలేసినా అద్దె కట్టాల్సిందేగా? మెషీన్ ఎలాగూ ఖాళీగా ఉంది, అదనంగా 8,000 వచ్చింది. అలాగని అందరికీ 38కి ఇస్తే బ్రేక్ ఈవెన్ 7,500. మా మెషీన్‌తో అది జరిగే పని కాదు. పాత కస్టమర్లకి ఆ ధర తెలిసినా అంతే సంగతులు.

మీరు రాసుకున్న ఖర్చులు మాత్రం మళ్లీ ఒకసారి చూడండి. చాలామంది నెల జీతం తీసుకునే హెల్పర్‌ని వేరియబుల్‌లో వేస్తారు, తమ జీతం అసలు వేసుకోరు. కరెంటు బిల్లులో మెషీన్ ఆడకపోయినా కట్టాల్సింది ఫిక్స్‌డ్, వాడిన యూనిట్లు వేరియబుల్. వేస్టేజ్‌ని కూడా వదిలేస్తారు. కోతలో పోయే అట్ట వల్ల నా 30 కాస్తా 32 అయితే బ్రేక్ ఈవెన్ 3,000 నుంచి 3,334కి పోతుంది. ధర తగ్గించకుండానే!