సందేహాలు – సమాధానాలు: అక్షాంశం ఏ కోణం?

సందేహం: చిత్తూరులో పాలిటెక్నిక్ పిల్లల కోసం సర్వేయింగ్ నోట్సు తెలుగులో రాస్తున్నానండి. ‘అక్షాంశం అంటే భూకేంద్రం దగ్గర ఏర్పడే కోణం’ అని రాశాను. ఆ ప్రకారం భూకేంద్రం నుంచి తిరుపతికి X, Y, Z లెక్కగడితే సాఫ్ట్‌వేర్ చెప్పేదానితో Z అసలు కలవడం లేదు. తప్పు నా లెక్కదా, నా వాక్యానిదా?

సమాధానం: వాక్యానిదేనండి. భూమిని నిండు గోళం అనుకున్నప్పుడే అది నిజం. జీపీఎస్ వాడే WGS 84 నమూనాలో భూమి ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయిన ఎలిప్సాయిడ్. భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 63,78,137 మీటర్లు, ధ్రువం దగ్గర అంతకంటే సుమారు 21 కిలోమీటర్లు తక్కువ. అందుకని నోట్సులో ఇలా మార్చండి: ‘ఒక చోట ఎలిప్సాయిడ్ ఉపరితలానికి గీసిన లంబం, భూమధ్యరేఖా తలంతో చేసే కోణమే అక్షాంశం.’ మ్యాపుల్లోనూ ఫోన్లోనూ కనబడేది ఈ కోణమే. కేంద్రం దగ్గరి కోణాన్ని ప్రస్తావించాల్సి వస్తే ‘భూకేంద్ర అక్షాంశం’ అని పూర్తిగా రాయండి.

ఈ రెండింటికీ తేడా ఎందుకొస్తుందో తిరుపతి దగ్గరే చూద్దాం. గోడ నిలువు చూడటానికి మేస్త్రీ వేలాడదీసే గుండు దారాన్ని నేలలోకి అలాగే పొడిగించామనుకోండి. (కొండల ఆకర్షణ వల్ల దారం వెంట్రుకవాసి పక్కకు పోవడాన్ని ఇక్కడ వదిలేద్దాం.) ఆ గీత భూకేంద్రానికి పోదు. భూమి అక్షాన్ని కేంద్రానికి దక్షిణంగా, సుమారు 10 కిలోమీటర్ల దూరంలో తాకుతుంది. ఉపరితలం నుంచి ఆ తాకిన చోటు దాకా ఉన్న పొడవే సూత్రాల్లోని N.

```
N = a / sqrt(1 - e2*sin(lat)^2)
X = (N + h)*cos(lat)*cos(lon)
Y = (N + h)*cos(lat)*sin(lon)
Z = (N*(1 - e2) + h)*sin(lat)
```

ఇక్కడ lat అక్షాంశం, lon రేఖాంశం, h ఎలిప్సాయిడ్ నుంచి ఎత్తు. భూమధ్యరేఖ దగ్గరి వ్యాసార్ధం a = 6378137, ఎలిప్సాయిడ్ ఎంత నొక్కుకుపోయిందో చెప్పే e2 = 0.00669438. భూమి అక్షం వెంట కొలిచే Z సూత్రంలో మాత్రమే (1 - e2) ఎందుకుందని పిల్లలు తప్పకుండా అడుగుతారు. N మొదలయ్యేది కేంద్రం నుంచి కాదు, ఆ 10 కిలోమీటర్ల కింది చోటు నుంచి. Z ను కొలిచేది కేంద్రం నుంచి. ఆ మధ్య దూరాన్ని తీసేయడమే (1 - e2) పని. X, Y లు అక్షం నుంచి అడ్డంగా కొలిచే దూరాలు కాబట్టి వాటికి ఈ గొడవ లేదు.

అక్షాంశం 13.65°, రేఖాంశం 79.42°, ఎత్తు 100 మీటర్లు అని తీసుకుంటే N సుమారు 63,79,326 మీటర్లు వస్తుంది. X = 11,38,232; Y = 60,93,852; Z = 14,95,404. మీ వాక్యాన్ని నమ్మి Z వరుసలోనూ (N + h) అనే రాస్తే Z 15,05,482 అవుతుంది. తేడా 10,078 మీటర్లు. లంబం అక్షాన్ని తాకిన చోటు కేంద్రానికి ఎంత దూరమో సరిగ్గా అంతే. ఈ తప్పుడు Z ను తిరిగి అక్షాంశంలోకి మార్చితే తిరుపతి దాదాపు 9.8 కిలోమీటర్లు ఉత్తరానికి జరిగి, ఎత్తు దాదాపు 2.4 కిలోమీటర్లు పెరిగి, శేషాచలం అడవుల మీద గాల్లో తేలుతుంది. రేఖాంశం మాత్రం చెక్కుచెదరదు. రేఖాంశం సరిగ్గా ఉండి, అక్షాంశమూ ఎత్తూ రెండూ చెడితే ముందు అనుమానించాల్సింది ఈ (1 - e2) నే.

వెనక్కి మార్చడం కొంచెం తిప్పలు. రేఖాంశం `atan2(Y, X)` తో నేరుగా వచ్చేస్తుంది. అక్షాంశం తెలియాలంటే N, h కావాలి, అవి తెలియాలంటే అక్షాంశం కావాలి. కాబట్టి ముందు h సున్నా అనుకుని మొదలుపెడతాం. p అంటే X, Y ల వర్గాల మొత్తానికి వర్గమూలం:

```
lat = atan(Z / (p*(1 - e2)))
h   = p/cos(lat) - N
lat = atan(Z / (p*(1 - e2*N/(N + h))))
```

కొత్త అక్షాంశంతో N, h మళ్లీ కట్టి చివరి రెండు వరుసలూ తిప్పుతూ పోవాలి. మన తిరుపతి లెక్కలో మొదటి అంచనాయే సుమారు 15 సెంటీమీటర్ల తేడాలో పడుతుంది, ఇంకొక చుట్టు తిప్పితే మిల్లీమీటరు కూడా మిగలదు. ధ్రువాల దగ్గర cos(lat) సున్నాకు చేరుతుంది కాబట్టి h కోసం ఈ వరుస పనికిరాదు, అక్కడ Z నుంచి ఎత్తు తీయాలి.

‘ఎత్తు’ అన్న మాటనూ నోట్సులో ఒంటరిగా వదలకండి. ఈ h ఎలిప్సాయిడ్ నుంచి కొలిచిన ఎత్తు, సముద్రమట్టం నుంచి కాదు. మన ప్రాంతంలో సముద్రమట్టం ఎలిప్సాయిడ్ కంటే 80 మీటర్లకు పైగా కిందుంటుంది. అంటే సముద్రమట్టానికి 160 మీటర్ల ఎత్తున్న చోట h 80 మీటర్ల లోపే. 160 ని అలాగే సూత్రంలో వేస్తే అక్షాంశ రేఖాంశాలు సరిగ్గానే తిరిగొస్తాయి, పెట్టిన 160 కూడా అలాగే తిరిగొస్తుంది. ఈ తప్పు వెనక్కి మార్చి చూసినా దొరకదు, జీపీఎస్ రిసీవర్ ఇచ్చిన X, Y, Z తో పోల్చినప్పుడే బయటపడుతుంది. అందుకే ‘ఎలిప్సాయిడ్ ఎత్తు’, ‘సముద్రమట్టపు ఎత్తు’ అని ప్రతిచోటా విడదీసి రాయండి.