రూము, బస్సు డబ్బు జీతంలో కోయడం: ఎంతవరకు?

ప్రశ్న: భీమవరం దగ్గర మా రొయ్యల ప్లాంటులో వర్కర్లకి రూము, బస్సు ఇస్తున్నాం. ఆ డబ్బు జీతంలో కోసుకోవచ్చా అండీ?

రూముకి కోసుకోవచ్చు, కానీ వర్కరు ఒప్పుకుని ఉండాలి, దాని విలువకి మించి ఒక్క రూపాయి కూడా తీయకూడదు. ఒప్పుకోలు తెలుగులో, నెలకి ఎంతో రాసి, చేరిన రోజే సంతకం పెట్టించుకోండి.

ఇంటి అద్దె, కరెంటు కలిపి 13,200, ఉండేది ఆరుగురు అనుకుందాం. తలకి 2,200. రౌండుగా ఉంటుందని 2,500 కోస్తే తప్పే. ఇద్దరు మానేసి వెళ్లిపోయారని ఆ ఖాళీ మంచాల అద్దె మిగతా నలుగురి మీద వేయడం కూడా నా దృష్టిలో అన్యాయం, వాళ్లకి అందింది పెరగలేదు కదా.

బస్సు సంగతి వేరు. అలాంటి సౌకర్యాలకి ఒప్పుకోలుతో పాటు ప్రభుత్వ అనుమతి కూడా కావాలి, ముందు లేబర్ ఆఫీసులో అడగండి.

2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న వేతనాల కోడ్ ప్రకారం అన్ని కోతలూ కలిపి ఆ నెల వేతనంలో సగం దాటకూడదు. వేతనం 14,000 అయితే పరిమితి 7,000. పీఎఫ్, ఈఎస్‌ఐ 1,785, అడ్వాన్సు వాయిదా 3,000, రూము 2,200, మొత్తం 6,985. ఇక బస్సుకి చోటు లేదు, కావాలంటే అడ్వాన్సు వాయిదా తగ్గించండి. సెలవులు ఎక్కువైన నెలలో వేతనంతో పాటు ఈ పరిమితీ తగ్గుతుంది, చాలామంది తప్పు చేసేది అక్కడే.

పే స్లిప్పులో మాత్రం 'ఇతర కోతలు' అని కలిపేయకుండా రూముకి ఎంతో విడిగా చూపించండి.