ప్రీపెయిడ్ ఇన్సూరెన్స్ ఎంట్రీ 3,000కా, 9,000కా?

ప్రశ్న: 2023 జులై 1న ఏడాదికి ఇన్సూరెన్స్ ప్రీమియం 12,000 కట్టారు. 2024 మార్చి 31న ఖాతాలు ముగిస్తారు. అడ్జస్ట్‌మెంట్ ఎంట్రీ ఒక పుస్తకంలో 3,000కి ఉంది, ఇంకోదాంట్లో 9,000కి ఉంది. పరీక్షలో ఏది రాయాలి? అవుట్‌స్టాండింగ్ జీతాల లెక్కలోనూ తికమకగా ఉంది.

జవాబు: రెండూ కరెక్టే. డబ్బు కట్టిన రోజు ఏ ఖాతాకు డెబిట్ చేశారో దాన్నిబట్టి ఎంట్రీ మారుతుంది. నేను బీకాం పిల్లలకు అకౌంట్స్ చెబుతాను. వాళ్ల పేపర్లు దిద్దేటప్పుడు చూస్తుంటాను, చాలామంది నెలల లెక్క సరిగ్గానే వేస్తారు, ట్రయల్ బ్యాలెన్స్‌లో ఏ పేరుందో చూడకుండా ఎంట్రీ రాసేస్తారు.

జులై నుంచి మార్చి దాకా 9 నెలలు గడిచాయి. ఏప్రిల్, మే, జూన్ మిగిలాయి. నెలకు 1,000 కాబట్టి ఈ ఏడాది ఖర్చు 9,000, ముందుగా చెల్లించింది 3,000. ఏ పద్ధతిలో చేసినా చివరికి ఈ రెండు అంకెలే రావాలి.

ట్రయల్ బ్యాలెన్స్‌లో "ఇన్సూరెన్స్ 12,000" అని ఉంటే మొత్తాన్నీ ఖర్చుగా రాసేశారని అర్థం. అందులో 3,000 వచ్చే ఏడాదిది. కాబట్టి ప్రీపెయిడ్ ఇన్సూరెన్స్ ఖాతాకు డెబిట్ 3,000, ఇన్సూరెన్స్ ఖాతాకు క్రెడిట్ 3,000. మన ఇంటర్, డిగ్రీ పేపర్లలో మామూలుగా వచ్చేది ఇదే. అమెరికా పుస్తకాల్లో ఎక్కువగా కట్టినప్పుడే 12,000నూ ప్రీపెయిడ్ ఇన్సూరెన్స్ అనే ఆస్తిగా చూపిస్తారు. అప్పుడు గడిచిపోయిన 9,000ని ఆస్తిలోంచి తీసి ఖర్చుకు డెబిట్ చేయాలి. మీరు చూసిన రెండో పుస్తకం ఈ దారిలో వెళ్లి ఉంటుంది.

ట్రయల్ బ్యాలెన్స్‌లోనే ఇన్సూరెన్స్ 9,000, ప్రీపెయిడ్ ఇన్సూరెన్స్ 3,000 అని విడివిడిగా ఉంటే సర్దుబాటు అయిపోయినట్టే. మళ్లీ ఎంట్రీ వద్దు. 9,000 లాభనష్టాల ఖాతాకు, 3,000 ఆస్తి అప్పుల పట్టీకి వెళ్తాయి.

ఇక జీతాలు. ట్రయల్ బ్యాలెన్స్‌లో జీతాలు 55,000 ఉన్నాయి, మార్చి జీతం ఇంకా ఇవ్వలేదు అన్నారనుకోండి. ఆ 55,000 అనేది 11 నెలలది. దాన్ని 12తో భాగిస్తే 4,583 చిల్లర వస్తుంది, 11తో భాగిస్తే సరిగ్గా 5,000. పరీక్ష లెక్కల్లో చిల్లర అంకె వచ్చిందంటే నెలలు మరోసారి లెక్కపెట్టండి. ఎంట్రీ: జీతాల ఖాతాకు డెబిట్ 5,000, అవుట్‌స్టాండింగ్ జీతాల ఖాతాకు క్రెడిట్ 5,000. ఖర్చు 60,000 అవుతుంది, అప్పుల వైపు 5,000 కనిపిస్తుంది. ఇక్కడ నగదు ఖాతాకు క్రెడిట్ ఇవ్వకూడదు, డబ్బు ఇంకా చేతులు మారలేదు కదా.

ఏప్రిల్‌లో ఆ జీతం ఇచ్చినప్పుడు మాత్రం అవుట్‌స్టాండింగ్ జీతాలకు డెబిట్, నగదుకు క్రెడిట్. అప్పుడు మళ్లీ జీతాల ఖాతాకే డెబిట్ చేస్తే అదే 5,000 రెండేళ్లలోనూ ఖర్చుగా పడుతుంది, తీరిపోయిన అప్పు పుస్తకాల్లో అలాగే మిగిలిపోతుంది.